నైట్ రిసెప్షనిస్ట్ మీద కథ రాస్తున్నా, తెల్లవారుజామున బుకింగ్ లేకుండా వచ్చిన మనిషికి నిజంగా ఏం చేస్తారు?

పెన్నాగట్టు:
అందరికీ నమస్తే. ఒక చిన్న కథ మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుపోయా. బెంగళూరు మెజెస్టిక్ పక్కన గాంధీనగర్‌లో ఒక లాడ్జి, రాత్రి డ్యూటీలో మన సీమ కుర్రాడు. పేరు శీను అని పెట్టా. తెల్లవారుజామున నాలుగున్నరకి కడప వైపు నించి ఒక పెద్దావిడ బస్సు దిగి వస్తుంది. తీసుకెళ్లాల్సిన అల్లుడు రాలేదు, ఫోను ఎత్తడం లేదు, బుకింగ్ గట్రా ఏమీ లేదు. నేను రాసింది ఇదీ:

"రూములన్నీ ఫుల్లమ్మా" అన్నాడు శీను. ఆమె ఏం మాట్లాడలేదు. బయట చలి. శీను కాసేపు తలొంచుకుని, డ్రాయర్లోంచి తన గది తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మా ఆవిడకి చదివి వినిపిస్తే "రిసెప్షన్ కుర్రాడికి సొంత గది ఎక్కడినించి వచ్చింది" అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకే అడుగుతున్నా, హోటల్లో పనిచేసినవాళ్లు, ఆ టైముకి అలా వెళ్లి నిలబడ్డవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రూములన్నీ నిండిపోయి ఉంటే అతను నిజంగా ఏం చెయ్యగలడు?

హైవే_రాజు:
నెలకి పది రోజులు లాడ్జిల్లోనే పడుకునే మనిషిని కాబట్టి చెప్తున్నా, దీనికి సొంత గది అక్కర్లేదు. రాత్రి 12 దాటితే తారీఖు మారిపోతుంది, బుక్ చేసుకుని రానివాళ్ల రూములన్నీ ఖాళీ కింద లెక్క. ఏ హోటల్లో అయినా నాలుగింటికి అలాంటివి రెండు మూడు ఉంటాయి. వాటిలో ఒకటి ఇచ్చేస్తాడు. పైగా కొత్త తారీఖులో ఎక్కింది కాబట్టి ఆవిడ మర్నాడు మధ్యాహ్నం 12 దాకా ఉండొచ్చు, అద్దె ఒక్క రోజుదే. నేను చాలాసార్లు అలా దిగా.

నెల్లూరు సుబ్బు:
నాదీ ఇదే ప్రాబ్లం అండి. పోయిన నెల యాప్‌లో రూమ్ బుక్ చేశా, ట్రైను ఆరు గంటలు లేటయింది, వెళ్లేసరికి రూమ్ ఇంకొకరికి ఇచ్చేశారు. డబ్బులు తిరిగి రావాలంటే ఎవరికి రాయాలి? ఎవరైనా చెప్పండి.

పెన్నాగట్టు:
సుబ్బు గారూ, నేను అడిగింది బుకింగ్ లేని ఆవిడ గురించి, అదీ కథలో. మీది వేరే థ్రెడ్ పెడితే జవాబులు వస్తాయేమో.

రాత్రిపాళి:
గాంధీనగర్‌లో ఏడేళ్లు రాత్రి డ్యూటీ చేశా, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు వేరే హోటల్లో పగటి పని. మీ ఆవిడ చెప్పింది నిజం. రాత్రి రిసెప్షన్‌లో ఉండేవాడికి గది ఉండదు, కౌంటర్ వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఒక దిండు, అంతే. అదీ ఓనరు సీసీ కెమెరాలో చూడనంతసేపే.

ముందు రాజు గారు చెప్పింది సరిచేస్తా, సగమే కరెక్టు. మా కంప్యూటర్లో తారీఖు 12కి మారదు. మేం మార్చినప్పుడు మారుతుంది. ఒంటి గంట నించి మూడు మధ్యలో నైట్ ఆడిట్ అని చేస్తాం. ఆ రాత్రి ఉన్న ప్రతి రూముకీ అద్దె ఎక్కించి, గల్లా లెక్క సరిచూసి, రానివాళ్లని రానట్టు రాసి, అప్పుడు రోజు మూస్తాం. ఆ బటన్ నొక్కేదాకా గోడ మీద గడియారం ఏం చెప్పినా మాకు నిన్నే నడుస్తుంది.

నాలుగున్నరకి వచ్చే మనిషికి చిక్కంతా ఇక్కడే. మధ్యాహ్నం 12 చెకౌట్ ఉన్న హోటల్లో రూము పన్నెండు నించి పన్నెండు దాకా ఒక రోజు. నాలుగున్నరకి వచ్చినావిడ వాడుకునేది నిన్నటి రాత్రిలో మిగిలిన ముక్క. ఆడిట్ అయిపోయింది కదా అని కొత్త తారీఖులో ఎక్కించి రేపు మధ్యాహ్నం దాకా ఉండమంటే ఒక రోజు అద్దెకి ముప్పై ఒకటిన్నర గంటలు ఇచ్చినట్టు. రాజు గారికి అలా ఇచ్చినవాడు ఖాళీ ఉన్న రోజున ఇచ్చుంటాడు, లేదా కొత్తవాడై ఉంటాడు. పొద్దున మేనేజర్ చేతిలో అక్షింతలు పడుంటాయి, మీకు తెలిసుండదు. మామూలుగా చేసేది, సగం అద్దె తీసుకుని ఈరోజు 12 దాకా ఉండనివ్వడం. లేదంటే సగం ఎక్కువ తీసుకుని రేపటిదాకా.

ఇక రాని బుకింగులు. డబ్బులు ముందే కట్టేసినవాడి రూము తెల్లవారుజామున ఇంకొకరికి ఇవ్వకూడదు. వాడి బస్సు కృష్ణగిరి దగ్గర ఆగిపోయి ఉండొచ్చు, ఆరింటికి వచ్చి నిలబడితే వాడికి రూము ఇచ్చి తీరాలి. వచ్చాక ఇస్తా అన్న బుకింగ్ అయితే సాయంత్రమే ఫోన్ చేసి, ఎత్తకపోతే తీసేస్తాం. అంటే నాలుగింటికి మిగిలేవి డబ్బు కట్టినవాళ్లవే, ముట్టుకోకూడనివే. సుబ్బు గారిది అలాంటి రూమే, అయినా ఇంకొకరికి ఇచ్చేశారు అనుకుంటా.

నెల్లూరు సుబ్బు:
అవునండీ, కట్టేసిన రూమే! చూశారా.

అనూష కేఆర్‌పురం:
కథకి పనికొస్తుందో లేదో గానీ నాకు జరిగింది చెప్తా. 2019లో మొదటి ఉద్యోగం, హైదరాబాద్ నించి ప్రైవేట్ బస్సు, ఏడింటికి దిగుతా అనుకుంటే ఆనందరావు సర్కిల్లో పొద్దున 4:20కి దించేశాడు. పీజీ వాళ్లు ఆరున్నరకి గాని గేటు తియ్యరు. మూడు లాడ్జిలు ఎక్కి దిగా. ఒకచోట ఒక్క ఆడమనిషికి ఇవ్వం అన్నారు, ఇంకోచోట ఆధార్ చూసి ఏవో ప్రశ్నలు. మూడోచోట ఒకాయన, యాభై ఏళ్లు ఉంటాయి, కన్నడంలో ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. కౌంటర్ ఎదురుగా సోఫా చూపించాడు, పైన కెమెరా చూపించాడు, వాచ్‌మన్‌ని పిలిచి నా వైపు వేలు పెట్టి ఏదో చెప్పాడు. అంతే, వెళ్లి తన రిజిస్టర్ రాసుకుంటూ కూర్చున్నాడు. ఆరింటికి టీ తెప్పించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ కెమెరా ఎందుకు చూపించాడో నాకు రెండేళ్ల తర్వాత గానీ తట్టలేదు.

రాత్రిపాళి:
అనూష గారూ, ఆయన మా పని తెలిసినవాడు. మీకు ధైర్యం, ఆయనకీ రక్షణ. పొద్దున ఎవరైనా ఏదన్నా అంటే అంతసేపూ మీరు ఎక్కడ కూర్చున్నారో, ఆయన ఎక్కడ కూర్చున్నాడో రికార్డులో ఉంటుంది. ఒంటరి ఆడమనిషికి రూము ఇవ్వం అనడానికి ఏ రూలూ లేదు, అది భయం.

పెన్నాగట్టు గారి కథకి దగ్గరగా నాకే ఒకటి జరిగింది. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

అది ఆదివారం, జనవరి. 32 రూముల లాడ్జి. కంప్యూటర్లో 32కి 30 నిండి ఉన్నాయి, మిగతా రెండూ రిపేరు కింద ఆపేసినవి. ఒకదాంట్లో గీజరు కారుతోంది, ఇంకోదాంట్లో గోడ తడిసి బూజు వాసన. రెండున్నరకే రోజు మూసేశా. 4:40కి ఆటోవాడు ఒకావిడని దించి, కమీషన్ కోసం తలుపు దగ్గరే నిలబడ్డాడు. అరవై లోపు వయసు, చేతిలో సంచీ, ఒక స్టీలు డబ్బా, కీప్యాడ్ ఫోను. లోపలికొచ్చి "నాయనా, తెలుగొస్తాదా" అంది. వస్తాదమ్మా, మాది మదనపల్లె అన్నా. ఆమె మొహం తేటపడింది, సంచీ కింద పెట్టేసింది.

జరిగిందేంటంటే ఆమె టికెట్టు మీద ఆదివారం 00:15 అని ఉంది. అంటే శనివారం రాత్రి. ఊళ్లో టికెట్ తీసినబ్బాయి వివరంగా చెప్పాడు కాబట్టి ఈమె సరిగ్గానే ఎక్కింది. అల్లుడికి వాట్సాప్‌లో టికెట్ ఫొటో పోయింది, ఆయన ఆదివారం రాత్రి బస్సు అనుకుని సోమవారం పొద్దున రావడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయనది నైట్ షిఫ్టు, ఫోను లాకర్లో. కూతురి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఈమె దగ్గర ఆ రెండు నంబర్లే ఉన్నాయి, అడ్రస్ అంటే "మారతల్లి బిర్జికాడ" అని మాత్రం తెలుసు, మారతహళ్లి బ్రిడ్జి అన్నమాట. నేను రెండు గంటల కింద నా కంప్యూటర్లో తారీఖు మార్చి కూర్చున్నా కదా, ఆ టికెట్ చూసేసరికి నవ్వు ఆగలేదు, లోపలే నవ్వుకున్నా లెండి.

ఇలాంటప్పుడు కంప్యూటర్ చూడను, తాళాల బోర్డు చూస్తా. రూముకి ముందే డబ్బు కట్టినవాళ్లు తెల్లవారుజామున ఎయిర్‌పోర్టుకి పోతూ తాళం కౌంటర్ మీద పడేసి వెళ్లిపోతారు, బిల్లు పని లేదు కాబట్టి చెకౌట్ కొట్టడం మేం మర్చిపోతాం. కంప్యూటర్లో మనిషి ఉన్నట్టే ఉంటుంది, రూములో ఉండడు. ఆ రోజు 204 తాళం కొక్కేనికి వేలాడుతోంది. వాచ్‌మన్‌ని అడిగితే 3:45కి దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకి ట్యాక్సీ ఎక్కారు, రెండు పెట్టెలు నేనే మోశా అన్నాడు.

అయినా వెంటనే ఇవ్వకూడదు, ఇది నేను చెడి నేర్చుకున్నది. అంతకుముందు ఒకసారి ఇలాగే తాళం చూసి ఒకాయనకి రూము ఇచ్చేస్తే, ఆరింటికి అసలు మనిషి కేఆర్ మార్కెట్ నించి చేతిలో పూలబుట్టతో దిగాడు, పెళ్లివాళ్లు. తన మంచం మీద ఎవరో లుంగీతో పడుకుని ఉన్నారు. ఆ గొడవ చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది. అప్పట్నించీ రూములోకి వెళ్లి బాత్రూం చూస్తా. చార్జర్ ఉందా లేదా అన్నది లెక్క కాదు, చార్జర్లు అందరూ మర్చిపోతారు. బ్రష్షు ఉందంటే మనిషి తిరిగొస్తాడు. 204లో బ్రష్షు లేదు, అల్మారా ఖాళీ, పెట్టె లేదు. అప్పుడు ఆ గెస్టు నంబరుకి ఫోన్ చేశా, టోల్‌గేట్ దగ్గర ఉన్నాం, ఇంక తిరిగి రాం అన్నాడు. చెకౌట్ కొట్టేశా.

రూము ఖాళీ, కానీ మురికి. క్లీనింగ్ వాళ్లు ఏడింటికి వస్తారు, దుప్పట్లు పెట్టే గది తాళం వాళ్ల సూపర్‌వైజర్ దగ్గర. రాత్రిపూట నా చేతిలో ఉండేది ఎక్స్‌ట్రా బెడ్ కోసం దాచిన సెట్టు ఒకటే, ఒక దుప్పటి, దిండు గలీబు, కప్పుకునే రగ్గు, ఒక టవలు. అవే తీసుకుని పైకెళ్లి నేనే వేశా. బాత్రూంలో నీళ్లు కొట్టి, చెత్తడబ్బా ఖాళీ చేసి, గీజరు ఆన్ చేసి దిగా. పావుగంట పట్టింది. ఆ పావుగంటా కౌంటర్ దగ్గర వాచ్‌మన్ని కూర్చోబెట్టా, గల్లాకి తాళం వేసి.

అద్దె 1100. ఆమె దగ్గర 700 ఉంది, దాంట్లో ఆటోకి పోగా ఎంత మిగులుతుందో ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంటా ఉంది. సోఫా మీద ఊరికే కూర్చోవచ్చు పెద్దమ్మా, ఆరున్నరకి అంతా తెల్లారిపోతుంది అన్నా. "ఊరికే వద్దు నాయనా, నీళ్లు పోసుకోవాల, రాత్రంతా బస్సులో ఉక్కపోసె" అంది. 12 దాకా సగం, 550 తీసుకున్నా. తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నానికి పోయేవాళ్లకి డే యూజ్ అని ఒక ఎంట్రీ ఉంటుంది, దానిలో ఎక్కించా. ఆధార్ లామినేషన్ చేయించి జాకెట్టులో పెట్టుకుంది, జిరాక్స్ తీసి రిజిస్టర్లో ఎక్కడినించి, ఎక్కడికి, ఎందుకు అన్నీ రాసి వేలిముద్ర వేయించా. ఇది మాత్రం మీ కథలో వదిలెయ్యకండి. రిజిస్టర్లో రాయకుండా తాళం చేతిలో పెట్టేవాడు మంచివాడు కాదు, ఆ రాత్రి ఆమెకి గుండెనొప్పి వస్తే ఆ లాడ్జిలో ఆమె లేనట్టే.

చెన్నై పెరియమేట్:
మా దగ్గర ఇంత కథ లేదు సామీ. సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిలు చాలావరకు 24 గంటల లెక్కే. 4:40కి దిగితే రేపు 4:40 దాకా నీదే. తారీఖు గొడవే రాదు. కాకపోతే మర్నాడు 4:40కి ఎవడూ లేవడు, ఆరింటికి లేచి ఇంకో రోజు అద్దె అడిగారని అరుస్తాడు. రోజూ ఒకడైనా. ఒక గంట మేమే వదిలేస్తాం.

హైవే_రాజు:
ఓకే, తారీఖు సంగతి ఒప్పుకుంటా. కానీ రాత్రిపాళి గారూ, నాకు ఒకటి నచ్చలేదు. 204 వాళ్లు మధ్యాహ్నం 12 దాకా డబ్బు కట్టారు. అదే రూముకి అదే టైముకి మీరు మళ్లీ 550 తీసుకున్నారు. ఒకే రూమ్ రెండుసార్లు అమ్మినట్టు కాదా? ఆవిడకి ఊరికే ఇవ్వాల్సింది.

రాత్రిపాళి:
తాళం ఇచ్చేసి, ఫోన్లో కూడా రామని చెప్పాక అది మా రూమే. వాళ్లు కట్టింది ఆ రాత్రికి. ఊరికే ఇవ్వాల్సిందేమో, నాకూ తెలుసు. కానీ ఊరికే ఇస్తే కంప్యూటర్లో ఎక్కదు, ఎక్కకపోతే రిజిస్టర్లో ఎక్కదు, అప్పుడు మళ్లీ పెన్నాగట్టు గారి శీనులాగా దొంగచాటు తాళం అవుతుంది. సగానికి ఇవ్వడానికి నాకు అధికారం ఉంది, సున్నాకి లేదు. 550 కూడా హ్యాండోవర్ పుస్తకంలో కారణం రాసి సంతకం పెట్టాకే ఇంటికెళ్లా.

అనూష కేఆర్‌పురం:
రైల్వే స్టేషన్‌కి పంపితే సరిపోయేది కదా, ఎదురుగానే. రిటైరింగ్ రూములు చాలా చవక.

రాత్రిపాళి:
రైలు టికెట్టు ఉంటేనే ఇస్తారు, ఆమెది బస్సు. మెట్రోలో పంపుదామంటే ఆదివారం మొదటి రైలు ఏడింటికి, మారతహళ్లికి అది ఎలాగూ పోదు. ఆ టైముకి ఆటోవాడు ఆమెని ఎన్ని రోడ్లు తిప్పుతాడో ఊహించుకోండి, అదీ అడ్రస్ తెలియని మనిషిని. చీకట్లో ముసలామెని కదిలించకుండా ఒకచోట ఉంచడమే మా మొదటి పని. ఆ ఆటోవాడికి కమీషన్ ఇవ్వలేదని మూడు రోజులు మాట్లాడలేదు, అదొకటి.

పెన్నాగట్టు:
అన్నా, ఇది నా కథకన్నా బాగుంది. వాడుకోవచ్చా? చివరికి ఏమైంది? కూతురు వచ్చిందా?

రాత్రిపాళి:
వాడుకోండి, ఊరూ రూము నంబరూ మార్చండి.

6:50కి కూతురు నా నంబరుకి ఫోన్ చేసింది. నేను గంటకోసారి కొడుతూ ఉన్నా, ఫోను సైలెంట్‌లో పెట్టుకుని పడుకుందట. అమ్మ ఎట్లుంది, అమ్మ ఎట్లుంది అని ఒకటే ఏడుపు. ఆమెకి మాట్లాడించాలని 204 తలుపు కొట్టా. తలుపు తీసేసరికి ఆమె స్నానం చేసి, తల ఆరబోసుకుని, నేల మీద తన చీర మడిచి పరుచుకుని ఉంది. మంచం మీద నేను వేసిన దుప్పటి వేసినట్టే ఉంది, మడత నలగలేదు. ఏం పెద్దమ్మా, మంచం బాలేదా అన్నా. "తెల్లంగుంది నాయనా, మళ్లీ నువ్వే ఉతకాల గదా" అంది. నేను ఉతకను, లాండ్రీ వాడు ఉతుకుతాడు అని చెప్దామనుకుని ఊరుకున్నా.

ఎనిమిదిన్నరకి అల్లుడు వచ్చాడు, షిఫ్టు బట్టల్లోనే. మా డ్యూటీ ఏడింటికే అయిపోతుంది, నేను ఉండిపోయా. స్టీలు డబ్బా మూత తీసి నాలుగు నువ్వులుండలు కాగితంలో పెట్టి కౌంటర్ మీద ఉంచింది.

హైవే_రాజు:
ఆ దుప్పటి మార్చారా, అలాగే ఇంకొకరికి ఇచ్చారా? నిజం చెప్పండి.

రాత్రిపాళి:
తొమ్మిదిన్నరకి ఆ రూము మళ్లీ వెళ్లింది, పొద్దున షిఫ్టు వాళ్లు ఇచ్చారు. మార్చమని పుస్తకంలో రాశా. మార్చారో లేదో నేను చూళ్లేదు.

చెన్నై పెరియమేట్:
మార్చలేదు. నేను చెప్తున్నా.

పెన్నాగట్టు:
రాత్రి మళ్లీ కూర్చుని రాశా. సొంత గది తీసేశా. ఇప్పుడు శీను తాళాల బోర్డు వైపు చూస్తాడు, పైకెళ్లి బాత్రూంలో బ్రష్షు ఉందేమో చూస్తాడు. మా ఆవిడ అక్కడిదాకా బానే ఉంది అంది. వేలిముద్ర వేయించేచోట మాత్రం కథ ఆగిపోతోంది అంటోంది, తీసెయ్యమంటోంది. తీయాలా, ఉంచాలా తేల్చుకోలేకపోతున్నా.

రాత్రిపాళి:
ఉంచండి.

అనూష కేఆర్‌పురం:
తీసెయ్యండి, కెమెరా పెట్టండి.

నెల్లూరు సుబ్బు:
నా రీఫండ్ సంగతి ఎవరూ చెప్పలేదు.